పెన్ను మనది, పరీక్ష కాగితం వాళ్లది



ఫిబ్రవరిలో ఏ ఊళ్లోనైనా స్టేషనరీ కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చి, "పరీక్షలకండీ, మంచి పెన్నులు ఇవ్వండి" అంటారు. కొట్టాయన ఒకసారి మనిషి వైపు, ఒకసారి అల్మారా వైపు చూసి ఏదో ఒకటి తీసిస్తాడు. ఏ కాగితం మీద రాస్తారని ఆయన అడగడు, వీళ్లు చెప్పరు. జూన్‌లో నోట్‌బుక్కులు డజన్ల లెక్కన కొన్నప్పుడూ అంతే. అట్ట బాగుందా, కాగితం తెల్లగా ఉందా అని చూస్తారు. ఆ కాగితం మీద ఏ పెన్నుతో రాస్తారన్న ఊసే రాదు. పెన్నును విడిగా, కాగితాన్ని విడిగా ఎంచుకుంటాం. అలుక్కుపోయిన జవాబులూ, వెనక పేజీకి దిగిపోయిన అక్షరాలూ ఎక్కువగా అక్కడే పుడతాయి.

నేను హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని జవాబుపత్రాలు దిద్దాను. చేతిరాత గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇవాళ మాట్లాడేది చేతిరాతకు కింద ఉండే కాగితం, పైన ఉండే సిరా గురించి.

ముందు కాగితం సంగతి చూద్దాం. నోట్‌బుక్ వెనక అట్ట మీద కొన్ని కంపెనీలు జీఎస్ఎం అని ఒక అంకె వేస్తాయి. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. మన పిల్లలు వాడే మామూలు నోట్‌బుక్కుల్లో 54 నుంచి 60 దాకా ఉంటుంది. జిరాక్స్ కాగితం 70, 75, 80 ఉంటుంది. చాలా పుస్తకాల మీద ఈ అంకె అసలు ఉండదు. ఉన్నా నిజమో కాదో మనకు తెలియదు. తెలుసుకోవడానికి మాత్రం ప్రయోగశాల అక్కర్లేదు, పక్కనున్న కిరాణా కొట్టు కాటా చాలు.

ఒక లెక్క చెబుతాను. పెన్సిలుంటే రాసుకోండి, లేకపోతే వినండి చాలు. 24 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు ఉండే 200 పేజీల నోట్‌బుక్ తీసుకుందాం. 200 పేజీలంటే 100 కాగితాలు. ఒక్కో కాగితం 432 చదరపు సెంటీమీటర్లు. వందా కలిపితే 43,200. చదరపు మీటరుకు పదివేల చదరపు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం 4.32 చదరపు మీటర్లు. కాగితం 54 జీఎస్ఎం అయితే లోపలి కాగితాల బరువు సుమారు 233 గ్రాములు. 60 అయితే 259. పైన అట్టకు ఇంకో ఇరవై గ్రాములు వేసుకోండి. అంటే మొదటి పుస్తకం 255 దగ్గర, రెండోది 280 దగ్గర తూగాలి. అట్ట మీద 60 అని వేసి, పుస్తకం 240 తూగిందనుకోండి, రెండిట్లో ఒకటి జరిగి ఉంటుంది. కాగితమైనా పలచన అయి ఉండాలి, పేజీలైనా తగ్గి ఉండాలి. పేజీలు లెక్కపెడితే ఏదో తేలిపోతుంది. కొన్ని పుస్తకాల మీద మొదట్లో వచ్చే విషయసూచిక పేజీ, అచ్చు వేసిన పేజీలు కూడా కలిపే మొత్తం చెప్పామని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది మోసం కాదు, మనం చదవకపోవడమే.

ఈ కాటా పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో తూచిన పుస్తకాన్ని ఎండాకాలంలో తూచిన పుస్తకంతో పోల్చకూడదు. రెండు పుస్తకాలనూ ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే కాటా మీద పెట్టండి.

ఇంతవరకూ విన్నాక, జీఎస్ఎం ఎంత ఎక్కువుంటే పుస్తకం అంత మంచిదన్నమాట అనుకుంటారు. అక్కడే పొరపాటు పడతాం. బరువు చెప్పేది కాగితంలో సరుకు ఎంత ఉందన్నది మాత్రమే. సిరా దాని మీద నిలుస్తుందా, లోపలికి దిగుతుందా అన్నది బరువు చెప్పదు. 70 జీఎస్ఎం కాగితం మీద అక్షరాలకు మీసాలు మొలిచి, 56 జీఎస్ఎం కాగితం మీద గీత గీసినట్టు నిలవడం నేను చూశాను.

కారణం కాగితం తయారీలో ఉంది. కాగజ్‌నగర్, రాజమండ్రి, భద్రాచలం దగ్గరి సారపాక, ఈ మూడుచోట్లా పేపరు మిల్లులున్నాయి. మన రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్ర మిల్లులకు వెళ్లి గుజ్జవుతుంది. ఆ గుజ్జుతో వట్టి కాగితం చేస్తే అది బ్లాటింగ్ పేపరే. సిరా చుక్క పడితే చటుక్కున పీల్చేసుకుంటుంది. రాయడానికి పనికిరావాలంటే గుజ్జులో నీటిని అడ్డుకునే మందు కలపాలి, కాగితం తయారయ్యాక పైన గంజి పూత పట్టించాలి. ఇది పోలిక కాదు, నిజంగా గంజే. మొక్కజొన్న పిండి గంజీ, కర్రపెండలం గంజీ వాడతారు. ఈ పనినంతా కలిపి సైజింగ్ అంటారు. కాగితానికి సిరా మీద ఉండే పట్టంతా ఇందులోనే ఉంది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న చోట ముందు కోత పడేది కూడా ఇందులోనే. ఎందుకంటే కంటికి కనబడదు. తెల్లదనం కనబడుతుంది, మందం చేతికి తగులుతుంది, సైజింగ్ మాత్రం పెన్ను పెడితే గానీ బయటపడదు.

ఇక్కడో మెలిక ఉంది. నా ప్రసంగానికి అసలు సంగతి అదే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

నీళ్లతో చేసిన సిరా ఆరడానికి రెండు దారులు. ఒకటి కాగితంలోకి ఇంకడం, రెండు గాలికి ఆరిపోవడం. సైజింగ్ తక్కువైన కాగితం సిరాను వెంటనే పీల్చేస్తుంది. చెయ్యి తగిలినా అలుక్కోదు. కానీ సిరా పోగుల వెంట పక్కలకు పాకుతుంది, వెనక పేజీకి దిగుతుంది. సైజింగ్ బాగా పట్టించిన నున్నటి కాగితం సిరాను లోపలికి రానివ్వదు. గీత సన్నగా, శుభ్రంగా పడుతుంది, వెనక్కి దిగదు. కానీ సిరా పైనే కూర్చుని గాలికి ఆరాలి. అందుకు టైము పడుతుంది. ఈలోగా అరచేయి తగిలితే గీత కాస్తా మరకవుతుంది. అంటే పాకడం, అలుక్కోవడం ఒకే తక్కెడకు రెండు పళ్లేలు. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది. రెండూ ఉండకూడదనుకుంటే కాగితాన్ని మార్చినంత మాత్రాన కుదరదు, సిరాను మార్చాలి.

అందుకే ఖరీదైన నున్నటి నోట్‌బుక్ కొనిచ్చాక, "పాత పుస్తకంలో బాగానే రాసేవాడు, ఇందులో అన్నీ మరకలే" అని తల్లులు వాపోతుంటారు. పిల్లవాడి చెయ్యి మారలేదు, పెన్నూ మారలేదు. కాగితం మెరుగైంది, ఆ మెరుగే మరక తెచ్చింది.

పుస్తకం కొనేముందు పరీక్షించే పద్ధతి చాలా తేలిక. డజను కొనేముందు ఒక్కటి కొనండి. పిల్లలు రోజూ వాడే పెన్నుతోనే చివరి పేజీ మీద ఒక మాట మామూలుగా రాయండి. పక్కన ఒక చుక్క పెట్టి, పెన్ను ఎత్తకుండా మూడు సెకన్లు అలాగే ఉంచండి. పేజీ తిప్పి చూడండి. చుక్క వెనక్కి దిగడం పెద్ద తప్పు కాదు, ఎవరూ పెన్నును అలా ఆనించి రాయరు కదా. మాట వెనక్కి దిగితే మాత్రం ఆ పుస్తకం, ఆ పెన్ను జంట కుదరలేదన్నమాట. వెనక్కి దిగడం వేరు, వెనకనుంచి నీడలా కనబడటం వేరు. నీడ కనబడటం కాగితం పలచనవడం వల్ల. దాన్ని జీఎస్ఎం పెంచి తప్పించుకోవచ్చు. దిగడం సైజింగ్ లోపం, దాన్ని జీఎస్ఎం పెద్దగా కాపాడదు. ఒకే కాగితానికి రెండు వైపులూ ఒకేలా ఉండవు కాబట్టి రెండు వైపులా రాసి చూడండి. మిల్లులో తడి గుజ్జు జల్లెడ మీద పరుచుకున్నప్పుడు జల్లెడకు ఆనుకున్న వైపు కాస్త గరుగ్గా వస్తుంది. అటువైపు సిరా ఎక్కువగా పాకవచ్చు.

పాకడం ఎంతవరకు ఫరవాలేదు, ఎక్కడినుంచి ప్రమాదం అని అడుగుతారు. దానికి మన అక్షరాలే కొలబద్ద. థ అని రాయండి. లోపల చుక్క, కింద చిన్న గీత ఉంటాయి. ధ కు చుక్క ఉండదు, గీత ఉంటుంది. ద కు రెండూ ఉండవు. పెన్ను లావుగా ఉండి, సిరా పాకితే థ లోపలి చుక్క గోడకు అంటుకుని మాయమవుతుంది. ధ కింది గీత అక్షరంలో కలిసిపోతుంది. దిద్దేవాడికి కథ కాస్తా కధ అవుతుంది, కొన్నిసార్లు కద కూడా అవుతుంది. ఒత్తులు రాసినప్పుడు ఇంకా కష్టం. రూళ్ల మధ్య దూరం చాలక ఒత్తు కింది గీతకు తగిలి, అక్కడ సిరా గడ్డకడుతుంది. కొత్త పుస్తకం మీద "థ, ధ, ద, ఘ, ష్ఠ, ర్థ్య" అని మామూలు సైజులో, మామూలు వేగంతో రాసి, చేయిచాచి దూరంగా పట్టుకుని చదవండి. దిద్దే బల్ల మీద జవాబుపత్రం కనిపించేది దాదాపు ఆ దూరంలోనే. సందులు తెరిచి ఉంటే చాలు.

ఇక పెన్నుల దగ్గరికి వద్దాం. బడి పిల్లల చేతుల్లో ఉండేవి రెండు రకాలు, బాల్ పెన్ను, జెల్ పెన్ను. పాళీ పెన్ను ఇష్టపడేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ ఇష్టం నాకూ ఉంది. కానీ ఎలాంటి కాగితం ఇస్తారో తెలియని పరీక్షకు పాళీ పెన్ను నేను చెప్పను.

బాల్ పెన్ను సిరా నూనె జాతిది, చిక్కగా ఉంటుంది. గుండు తిరిగినప్పుడు మాత్రమే పలచగా కాగితానికి అంటుకుంటుంది. నీరు లేదు కాబట్టి పోగుల వెంట పాకదు, నాసిరకం కాగితం మీద కూడా వెనక్కి దిగదు. దాని దోషాలు వేరు. నొక్కి రాయాలి, మూడు గంటల పరీక్షలో వేళ్లు నొప్పిపెడతాయి. పలచటి కాగితం మీద నొక్కి రాస్తే వెనకవైపు అక్షరాలు ఉబ్బెత్తుగా లేచి, ఆ పేజీ మీద రాత ఎగుడుదిగుడవుతుంది. ఇంకో దోషం, గుండు చుట్టూ అంచు మీద మిగులు సిరా పేరుకుంటూ ఉంటుంది. పెన్ను దిశ మారినప్పుడు ఆ ముద్ద కాగితం మీద పడుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు ఎక్కువ. మన తెలుగంతా వంపులే. ళ, ణ, ఱ రాసేటప్పుడు పెన్ను దిశ మారని క్షణం ఉండదు. అందుకని ముద్దలు పడే పెన్ను తెలుగు పరీక్షలో ఎక్కువ అల్లరి చేస్తుంది. ఆ ముద్ద నూనె కాబట్టి త్వరగా ఆరదు, అరచేతికి అంటుకుని పేజీ పొడవునా నీలం చార తీస్తుంది. కొనేముందు కొట్లో గీత గీసి చూడటం దండగ. వరసగా పది ళ లు గబగబా రాసి, వేలితో తుడవండి. ఆ పెన్ను గుణం అక్కడ తెలుస్తుంది.

జెల్ పెన్ను సిరా నీళ్ల జాతిది. గొట్టంలో చిక్కగా ఉండి, గుండు తిరిగినప్పుడు పలచబడి జారుతుంది. అందుకే నొక్కక్కర్లేదు, రాత నల్లగా, నిండుగా కనబడుతుంది. దిద్దేవాళ్ల కళ్లకు హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ తడి ఎక్కువ. ఇందాక చెప్పిన తక్కెడ దీనికి పూర్తిగా వర్తిస్తుంది. గరుకు కాగితమైతే పాకుతుంది, నున్నటి కాగితమైతే అలుక్కుంటుంది. త్వరగా అయిపోతుంది కూడా. రీఫిల్ సగం ఉందని పరీక్షకు తీసుకెళితే మధ్యలో ఖాళీ కావచ్చు. మొన ఒకసారి నేలకు కొట్టుకుందంటే ఆ పెన్ను పని అయిపోయినట్టే.

పెన్ను మీద 0.5, 0.7, 1.0 అని వేసే అంకె గుండు వ్యాసం, మిల్లీమీటర్లలో. గీత దానికన్నా సన్నగా పడుతుంది. అయితే ఒకే అంకె ఉన్న బాల్ పెన్ను, జెల్ పెన్ను ఒకే లావు గీత గీయవు. జెల్‌లో సిరా ఎక్కువ దిగుతుంది కాబట్టి గీత లావవుతుంది. తెలుగు రాయడానికి జెల్‌లో 0.5, బాల్‌లో 0.7 నాకు సరిపోయాయి. ఈ మధ్య పలచటి నూనె సిరా పోసిన బాల్ పెన్నులు వస్తున్నాయి. జెల్‌లా జారుతాయి, బాల్‌లా నిలుస్తాయి. పరీక్షకు నా ఓటు వాటికే. అయినా నా ఓటుకన్నా మీ పిల్లల చెయ్యి ముఖ్యం.

చెయ్యి అన్నాను కాబట్టి ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మా బంధువుల పిల్ల, పదో తరగతి, ఎడమచేతి వాటం. తెల్లటి నున్నటి లాంగ్ నోట్‌బుక్కుల్లో నల్ల జెల్ పెన్నుతో రాసేది. ప్రతి పేజీ మీదా బూడిద చల్లినట్టు మరకలు. చిటికెనవేలు వైపు అరచేయి అంచంతా నలుపే. "నీట్‌నెస్ లేదు" అని బడిలో చీవాట్లు. "ఏంటమ్మా ఇది?" అంటే, "నేను శుభ్రంగానే రాస్తాను తాతయ్యా, చెయ్యి వెళ్లాక అలా అవుతుంది" అంది. ఆ మాటలోనే జవాబు ఉంది.

కుడిచేతి వాటం వాళ్లకు అరచేయి రాతకు ముందు నడుస్తుంది, ఖాళీ కాగితం మీద. ఎడమచేతి వాటం వాళ్లకు రాత ముందు, అరచేయి వెనక. ఇప్పుడు రాసిన మాట మీదకు రెండు మూడు సెకన్లలో అరచేయి వచ్చేస్తుంది. అంటే ఆమె సిరాకు ఆరడానికి ఉన్న గడువు ఆ రెండు మూడు సెకన్లే. కుడిచేతి పిల్లలకు ఆ గడువు చాలా ఎక్కువ. వాళ్లకు ముప్పు పేజీ తిప్పేటప్పుడే. చివరి పంక్తి తడిగా ఉండగానే తిప్పితే ఎదుటి పేజీ మీద అద్దినట్టు అచ్చు పడుతుంది.

సరే, పరీక్షించాం. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ ఒక మాట రాసి రెండు సెకన్లకు వేలితో తుడవడం, మళ్లీ రాసి ఐదు సెకన్లకు, ఆపైన పది, ఇరవై సెకన్లకు తుడవడం. ఇంతే పని. ఆ పిల్ల నోట్‌బుక్ మీద నల్ల జెల్ పది సెకన్ల దగ్గర కూడా చారవుతోంది, ఇరవైకి నిలిచింది. బడిలో ప్రీ-ఫైనల్‌కు ఇచ్చిన జవాబు కాగితం ఒకటి మిగిలితే అదే పరీక్ష దాని మీద పెట్టాం. అది కాస్త గరుకు. ఐదు సెకన్లకే జెల్ నిలిచింది, కానీ గీత లావెక్కి, వెనక పేజీ మీద చుక్కలు తేలాయి. అదే పెన్ను, రెండు కాగితాల మీద రెండు జబ్బులు. ఆ తర్వాత మామూలు నీలం బాల్ పెన్ను పెట్టాం. రెండు కాగితాల మీదా రెండు సెకన్లకే దాదాపు నిలిచింది, వంపుల దగ్గర మాత్రం ముద్దలు అలుక్కున్నాయి. పలచటి నూనె సిరా బాల్ పెన్ను 0.7 పెట్టాం. రెండిటి మీదా రెండు సెకన్లకు సన్నటి నీడలాంటి చార, ఐదుకు ఏమీ లేదు. వెనక్కి దిగలేదు. దాన్నే ఖాయం చేశాం. ఆ మిగిలిన సన్నటి చార కోసం కాగితాన్ని పైభాగం కుడివైపు వంగేలా తిప్పి, చెయ్యి పంక్తికి కింద ఉండేలా రాయమన్నాం. మొదట్లో విసుక్కుంది. తర్వాత అలవాటైంది.

ఈ కథలో గమనించాల్సింది ప్రీ-ఫైనల్ కాగితం. ఇంట్లో నోట్‌బుక్ మనం ఎంచుకుంటాం. పరీక్ష హాల్లో ఇచ్చే జవాబు బుక్‌లెట్ కాగితాన్ని ఎంచుకునే హక్కు మనకు లేదు. హాల్లోకి మనతో వచ్చేది పెన్ను ఒక్కటే. కాబట్టి పెన్నును ఎంచుకోవాల్సింది ఇంట్లో ఉన్న మంచి కాగితం మీద కాదు, బడిలో ఇచ్చే కాగితం మీద. రెండు కాగితాల మీదా ఒకేలా నడిచే పెన్నే పరీక్ష పెన్ను. ఇంకో అడుగు ముందుకు వేసి చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. సంక్రాంతి తర్వాత రాసి సాధన చేసే పుస్తకాలకు ఖరీదైన కాగితం వద్దు. 80 జీఎస్ఎం నున్నటి పుస్తకంలో సాధన చేసిన పిల్లకు తన పెన్ను తప్పులు తెలియవు. అవి పరీక్ష రోజున తెలుస్తాయి. 54, 56 జీఎస్ఎం మామూలు పుస్తకం చాలు. ఏడాది పొడవునా దాచుకుని తిరగేసే నోట్సుకు మాత్రం కొంచెం మంచిది కొనండి. అక్కడ జీఎస్ఎంకన్నా ముందు చూడాల్సింది కుట్టు.

కుట్టు గురించి కొద్దిగానే చెబుతాను. మధ్యలో రెండు ఇనుప పిన్నులు కొట్టడం పలచటి పుస్తకాలకు ఫరవాలేదు. పేజీలు ఎక్కువైతే పిన్ను చుట్టూ కాగితం చిరిగి, నడిమి కాగితాలు ఊడి వస్తాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఆ పిన్ను తుప్పు పట్టి మరక చేస్తుంది కూడా. 200 పేజీల పుస్తకం నడిమధ్యకు తెరిస్తే దారం కుట్టు కనబడాలి. కుట్టులో దారం బిగువుగా ఉండాలి, రంధ్రాలు మరీ దగ్గర దగ్గరగా ఉండకూడదు. దగ్గరైతే కుట్టు బలం పెరగదు, కాగితం ఆ వరస వెంట చిరుగుతుంది. మధ్యలో కుట్టిన పుస్తకంలో ఒక కాగితం చింపితే దాని జంట కాగితం పట్టు తప్పుతుంది. నవంబరు కల్లా అది రాలిపోతుంది. చింపే అలవాటున్న పిల్లలకు ఒక పలచటి పుస్తకం చిత్తుకు విడిగా ఇవ్వడం దీనికి మందు. జిగురుతో మాత్రమే అంటించిన వీపు ఉన్న పుస్తకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిని పూర్తిగా విప్పి బల్ల మీద పరిచి చూడండి. వీపు దగ్గర జిగురు పగిలిన గీత కనబడితే కొనకండి. అసలు పరవడానికే మొరాయిస్తే లోపలి మార్జిన్ దగ్గర రాత వంకరపోతుంది.

పరీక్ష హాల్లో ఇప్పుడు చాలాచోట్ల కుట్టిన బుక్‌లెట్టే ఇస్తున్నారు. విడి కాగితాలు ఇచ్చి దారంతో కట్టమనే చోట, ఎడమ మార్జిన్‌లో రంధ్రం దగ్గర రాయకండి. ముడి వదులుగానూ వద్దు, మరీ బిగువుగానూ వద్దు. బిగిస్తే దిద్దేవాడు పేజీ తిప్పిన ప్రతిసారీ రంధ్రం చిరుగుతుంది.

అలుక్కోవడం గురించి ఇంకో రెండు మాటలున్నాయి. మార్చిలో హాల్లో చెమట ఖాయం. ఇంట్లో ఒక పేజీ రాసి రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున ఒక నీటిచుక్క వేసి చూడండి. కొన్ని జెల్ సిరాలు చుక్క కింద కరిగి పారతాయి, కొన్ని చెక్కుచెదరవు. రంగును కరిగించి కలిపిన సిరా పారుతుంది, పొడిగా కలిపిన సిరా నిలుస్తుంది. పెన్ను చూస్తే తెలియదు, నీటిచుక్కకు తెలుస్తుంది. బాల్ పెన్ను సిరా నీటికి లొంగదు గానీ స్పిరిట్‌కు లొంగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని ఆరకముందే పేపరు ముట్టుకుంటే బాల్ పెన్ను రాత కూడా కరుగుతుంది.

రబ్బరుతో రుద్దితే చెరిగిపోయే సిరా పెన్నులు ఒకటి వచ్చాయి. పిల్లలకు మహా సరదా. అవి నిజంగా చెరిపివేయవు. రాపిడి వేడికి సిరా రంగు కోల్పోతుంది. అరవై డిగ్రీల వేడి దాని హద్దు. తలుపులు మూసి ఎండలో నిలిపిన వాహనంలో ఆ వేడి అసాధ్యమేమీ కాదు. జవాబుపత్రాల కట్టలు మండు వేసవిలోనే వాల్యుయేషన్ కేంద్రాలకు ప్రయాణం చేస్తాయి. ఆ పెన్ను పౌచ్‌లో పొరపాటున కూడా ఉండకూడదు. ఎరుపు, ఆకుపచ్చ దిద్దేవాళ్ల రంగులు, వాటినీ తీసేయండి. నీలం, నలుపు రెండిట్లో ఏది అన్నది హాల్‌టికెట్ మీది సూచనల్లో చూసుకోండి.

కొత్త పెన్నును సీలు విప్పి నేరుగా హాల్లోకి తీసుకెళ్లకండి. చాలా రీఫిళ్ల మొన మీద సన్నటి మైనం బొట్టు ఉంటుంది. అది తీసినా మొదటి కొన్ని పంక్తులు తడబడుతూ పడతాయి. ప్రతి పెన్నుతో ఇంట్లో రెండు మూడు పేజీలు రాసి పెట్టుకోండి. మూడు పెన్నులు తీసుకెళ్లేటప్పుడు మూడూ ఒకే రకం, ఒకే పెట్టెలోవి కావాలి. మధ్యలో పెన్ను మారితే రాత లావు మారకూడదు. ప్యాకెట్ మీద తయారీ నెల చూడండి. రెండేళ్లు దాటిన జెల్ పెన్నును కొట్టాయన తక్కువ ధరకిచ్చినా వద్దనండి. లోపల సిరా గట్టిపడి ఉండవచ్చు. పెన్నుల పౌచ్‌ను స్కూటర్ డిక్కీలో ఎండకు వదిలేయకండి, వేడికి సిరా పలచబడి మొన దగ్గర కారుతుంది. కారిన పెన్ను మొనను పాత గుడ్డతో తుడిచి, నాలుగు ళ లు రాసి చూసి, ముద్ద పడకపోతేనే మళ్లీ పౌచ్‌లో పెట్టండి.